మూడో ఏటి గడి

ఖేడ్‌లో నేను బ్యాంకు గుమాస్తాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసినవాళ్ళందరికీ మేనేజరు నాచేత ఒక పట్టిక రాయించి ఇప్పించేవాడు. పది వేలు, అయిదేళ్ళు, నూటికి పదకొండు. మూడు నెలలకోసారి వడ్డీ అసలులో కలుస్తుంది. పైసలు వదిలేస్తే మొదటి ఏడు చివర 11,146. రెండో ఏడు 12,424. మూడు 13,848. నాలుగు 15,435. అయిదేళ్ళు నిండితే 17,204.

గడువుకు ముందు తీస్తే ఈ లెక్క చెల్లదన్న ముక్క మాత్రం రాయొద్దన్నాడు. "గది రాస్తే ఎవడన్న పైసలిస్తడా?" నేను రాయలేదు. పైగా నవ్వాను, సిగ్గులేని వెధవను.

కంగ్టి నుంచి ఒక కూలి మనిషి వచ్చింది. పెనిమిటి లారీ కింద పడి పోతే వచ్చిన పది వేలు మా దగ్గర వేసింది. చదువు రాదు. నా పట్టికను చర్చి పాస్టరుతో చదివించుకుని మూడో గడి మీద వేలు పెట్టి గుర్తుంచుకుందట. తాను పన్నెండేళ్ళుగా కలుపు తీస్తున్న పటేలు పొలం రెండెకరాలు బేరానికొస్తే, ఆ గడిని నమ్ముకుని పటేలుకు అయిదొందలు బయానా ఇచ్చింది. మిగతా 13,800 డిపాజిట్‌కు మూడేళ్ళు నిండిన రోజు పొద్దు గుంకేలోపు కట్టాలి. కట్టకపోతే బయానా పోతుంది, భూమీ పోతుంది.

ఆ రోజు ఆమె బ్యాంకుకు వచ్చింది. ముందు రసీదు వెనుక వేలిముద్ర వేయించుకున్నాం, లెక్క తరువాత కట్టాం. మూడేళ్ళకే తీస్తే మూడేళ్ళ రేటు పదే, అందులో ఒకటి జరిమానా. తొమ్మిది వడ్డీతో 13,060 చేతిలో పెట్టాను.

"గిదేంది సారూ? నలభై ఎనిమిది మిగుల్తయని, పోరగాండ్లకు మిఠాయి కొనాలనుకున్న. ఏడొందల నలభై తక్కువున్నయి!"

"రూలు అట్లనే ఉంటదమ్మా."

నా జేబులో ఆ పొద్దున వచ్చిన జీతం ఉంది. ఆ జేబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఛీ!

మర్నాడు అదే మూటతో తిరిగొచ్చింది. ఏడొందల నలభై కోసం రెండు రోజులు ఆగమని కాళ్ళు పట్టుకున్నా పటేలు వినలేదట. బయానా మింగి, పొలం షావుకారుకు అమ్మేశాడు.

"మళ్ళ ఏస్త సారూ. ఇంట్ల పెట్టుకుంటే నిలువయి," అంటూ పట్టిక నా ముందు పరిచింది. "గీ కాగితం రాసినోడెవడు?"

మేనేజరు నా వైపు చూశాడు.

"పైనుంచి వస్తదమ్మా, హెడ్డాఫీసు నుంచి," అన్నాను.

"గట్లయితే ఆడు పురుగులు పడి సావాలె. ఆని పిల్లలు అడుక్క తినాలె," అంది నా కళ్ళలోకి చూస్తూ, చాలా మర్యాదగా. "నీకేం ఎరుక సారూ, నువ్వు మంచోనివి."

వేలిముద్ర కోసం ఆమె బొటనవేలు పట్టుకున్నాను.