చివరి నిమిషం దాకా దాచిన మాట

మా అన్న కూతురు చదువు ముగించి, ఉద్యోగం దొరికేదాకా అని సారపాకలో మా ఇంటికొచ్చి ఒక గదిలో ఛానల్ పెట్టింది. కథలు చెప్పే ఛానల్. ఎవరెవరో తమ ఇళ్లలో జరిగినవి మెయిల్లో రాసి పంపుతారు. ఇది ఫ్యాను ఆపి, నెత్తిన బొంత కప్పుకుని, చెమటలు కక్కుతూ వాటిని చదివి రికార్డు చేస్తుంది. ప్రతిధ్వని రాకూడదట. తెర మీద మాత్రం కథకు సంబంధించినదేదీ ఉండదు. సబ్బు తురమడమో, పిండి పిసకడమో, గోదావరి నీళ్లు కదలడమో.

"కథకు, బొమ్మకు సంబంధం ఏందే?" అన్నాను మొదట్లో.

"సంబంధం ఉండొద్దు అత్తా. చెవి కథ వింటుంటే కన్ను ఖాళీగ ఉంటది. ఖాళీగ ఉంటే వేలు వీడియోను పైకి జరుపుతది. కంటికి పని ఇయ్యాలె, ఆలోచన మాత్రం ఇయ్యొద్దు."

నేను తెలుగు ఎమ్మే చదివినదాన్ని కాబట్టి స్క్రిప్టులో భాష దిద్దే పని నాకు పడింది. భాష దిద్దనిచ్చేది గాని వరస ముట్టుకోనిచ్చేది కాదు. మొదటి మాటకే ఒక అనుమానం పుట్టించాలి. దానికి జవాబిచ్చేలోగా ఇంకో అనుమానం పుట్టాలి. అసలు సంగతి చివరి నిమిషంలోనే బయటపడాలి. వీడియో ఎనిమిది నిమిషాలు దాటితేనే నడుమ యాడ్లు పెట్టుకోవచ్చట. అందుకని రెండు నిమిషాల ముచ్చటను తొమ్మిది నిమిషాలు సాగదీసేది. చూసేవాళ్లు ఎక్కడ జారిపోతున్నారో కంప్యూటర్లో గీత కనిపిస్తుంది. ఆ గీత వాలినచోట వచ్చేసారి ఇంకో ముడి వేసేది.

ఆ ఎండాకాలం ఏడాదికి సరిపడా కారం పట్టించడానికి మిరపకాయలు తెచ్చాను. తొడిమలు తీయడానికి పక్కింటామె వచ్చింది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పిల్లలను ఒంటి చేత్తో సాకుతున్న మనిషి, ఆ పనే ఇంటికి ఆధారం. కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు ఉంటుంది. ఎర్రటి కుప్ప, చకచకా కదిలే వేళ్లు చూడగానే మా పిల్ల ఫోన్ స్టాండు పట్టుకొచ్చింది.

"ఆంటీ, చేతులు ఒక్కటే తీస్త. మొఖం రాదు."

"తీస్కో బిడ్డా. చేతులకేం సిగ్గు," అని నవ్వింది ఆమె.

ఆ చేతుల మీద పరిచిన కథ ఎక్కడో వేరే జిల్లా ఆవిడది. ఒక కోడలు రోజూ అత్త పప్పులో దొంగతనంగా ఏదో పొడి కలుపుతుంది. భర్త చూస్తాడు. ఆడపడుచులు గిన్నె దాస్తారు. పంచాయితీ దాకా పోతుంది. తొమ్మిదో నిమిషంలో తేలేదేమిటంటే, అది డాక్టరు రాసిన బీపీ మాత్ర. ముసలామె మందు ముట్టనని మొండికేస్తే, డాక్టరునే అడిగి, ఆయన సరేనన్నాక కోడలు పొడి చేసి కలిపింది. మంచి కోడలి కథే. కాని మంచితనమంతా ఆఖరి నిమిషంలో ఉంది, విషం వాసన మిగతా ఎనిమిది నిమిషాల్లో ఉంది.

అది చాలదన్నట్టు మా పిల్ల మొదటి ముక్క కత్తిరించి షార్ట్ అని చిన్న వీడియో వేసింది. "రోజూ అత్త అన్నంలో ఆమె ఏం కలిపిందో తెలిస్తే మీ చేతిలో ముద్ద ఆగిపోతుంది" అనే గొంతు, కింద తేలు బొమ్మ ఉన్న చేయి. అంతటితో ఆఖరు. మిగతాది ఛానల్లో చూసుకోవాలి.

ఎవరు చూస్తారు? మా వైపు ఎవరూ చూడలేదు. ఆ ముక్క మాత్రం మా కాలనీ ఫోన్లన్నిటికీ పాకింది. కన్నుకు ఆలోచన ఇవ్వదనుకున్న బొమ్మను మా వాళ్లు కళ్లు చించుకుని చూశారు. ఎక్కడో హైదరాబాదులో చూసేవాళ్లకు అది వట్టి చేయి. ఇక్కడ అది తమ పిల్లలకు వడ్డించే చేయి. బడి తల్లుల గ్రూపులో ఎవరో అడిగారట: "గీ చేయి మన వంటామెది కాదా?" మర్నాటి నుంచి పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. వారం తిరక్కముందే హెడ్మాస్టరు ఆమెను పిలిచి, గొడవ సద్దుమణిగేదాకా రావద్దన్నాడు.

ఆమె నేరుగా మా ఇంటికి వచ్చింది. ఏడవలేదు.

"అక్కా, మా అత్త నా పెండ్లికి ముందే పోయింది. నేనెవరికి కలుపుత?"

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి వెళ్లి బొంత లాగేశాను.

"ఆ రెండు వీడియోలూ తీసెయ్."

"అత్తా, గిప్పుడే లేస్తున్న వీడియో అది. చివరి దాకా చూస్తే మంచామెనే అని తెలుస్తది కదా?"

"చూడనోళ్ల సంగతేంది?"

"అది వాళ్ల తప్పు. కావాలంటే అసలు సంగతి కింద కామెంట్ రాసి పిన్ చేస్త."

"ఎనిమిది నిమిషాలు నువ్వే దాస్తివి. దాచినదాన్ని వెతుక్కోకపోవుడు వాళ్ల తప్పా? బొమ్మ మార్చెయ్ పోనీ."

"ఒక్కసారి ఎక్కినంక లోపలి బొమ్మ మార్చనియ్యదు అత్తా. కొయ్యొచ్చు, మసక చెయ్యొచ్చు. కొత్తది పెట్టాలంటే చూసినోళ్ల లెక్క పోయి మళ్ల సున్నా నుంచి ఎక్కియ్యాలె."

"సున్నా నుంచే ఎక్కియ్. ఆమె బతుకు కన్నా నీ లెక్క పెద్దదా?"

మొహం ముడుచుకునే తీసేసింది. కాని అప్పటికే అందరి ఫోన్లలో దిగిపోయిన ముక్కను ఎవరు తీస్తారు?

ఉపాయం పక్కింటామే చెప్పింది. "నా చేయి చూపిచ్చినవ్ కదా బిడ్డా, గిప్పుడు నా మొఖం చూపియ్. నేనే చెప్త."

మా పిల్ల ఉత్సాహంగా రాసుకొచ్చింది. చదివి నిర్ఘాంతపోయాను. "ఈ చేయి వెనక ఉన్నదెవరు? ఊరంతా భయపడిన ఆ మనిషి నిజం ఈరోజు..." అని మొదలు. ఆమె నిర్దోషి అన్న మాట మళ్లీ అట్టడుగున! మనిషి ఉద్యోగం ఊడినా వీళ్ల అలవాటు మారదు. కాగితం నాలుగు ముక్కలు చేశాను.

"మొదటి మాటకే మొత్తం చెప్పేస్తే ఎవ్వరు ఉంటరు అత్తా? గీత గట్లనే కూలిపోతది."

పక్కింటామె నెమ్మదిగా అంది: "కూలనియ్ బిడ్డా. మొదటి మాట ఇని పోతే పోనియ్. నాక్కావాల్సింది గదే."

మా పిల్ల స్టాండు అందుకుని ఆమెను వాకిట్లో వెలుతురులో కూర్చోబెట్టి తీసింది. సంగీతం లేదు, వెనక మిరపకాయలు లేవు. "గా వీడియోల చేతులు నావి. కథ నాది కాదు. ఎవరి అన్నంల ఎవరూ విషం కలపలే. నేను బడిల వండుతా." ఇంతే. ఛానల్లో వేస్తే గీత నిజంగానే గోడ మీంచి దూకినట్టు పడిపోయింది. ఆ ముక్కను బడి గ్రూపులో నేనే పెట్టి, హెడ్మాస్టరును ఇంటికెళ్లి మరీ కడిగేశాను. ఫోన్లో చూసి మనిషిని మానిపించినవాడికి, ఫోన్లో చూసి తిరిగి పిలవడానికి ఏం రోగమని అడిగాను. పిలిచాడు.

ఆమె తిరిగి పొయ్యి ముట్టించిన రోజు నేనూ బడికి వెళ్లాను. ఇంకా కొందరు పిల్లలు డబ్బాలతోనే కూర్చున్నారు. నేను కసరబోయాను గాని, ఆమె వాళ్లనూ వరసలోకి పిలిచి గుడ్డు పెట్టింది. గోడ పక్కన నిలబడిన ఒక తల్లి, ఆ ముక్కను గ్రూపులో మొదట పంచినామే, గొంతు తగ్గించి నన్ను అడిగింది.

"ఏమనుకోకు అక్కా, మేం పూర్తిగ చూడలే. ఇంతకూ కథల గా కోడలు ఏం కలిపింది?"

నేను నోరు తెరిచేలోపే పక్కింటామె గరిటె దించకుండా చెప్పింది.

"బీపీ గోలి. డాక్టర్ ఇచ్చింది."

"గంతేనా?"

"గంతే. నీ బిడ్డకు పప్పు చాలా, ఇంకొంచెం పొయ్యన్నా?"

ఆ తల్లి తన కూతురి చేతిలోంచి డబ్బా తీసుకుని, పళ్లెం ముందుకు జరిపింది.