పాత మరక మీద కొత్త నూనె

మా లాండ్రీలో మరకలు తీసే పెద్దమ్మ తానే బట్టలకు నూనె పూసి, తానే తీసి, పనిమంతురాలని పేరు తెచ్చుకుంటుందని వీధిలో అనుకునేవారు. ఎదురు దర్జీ తన కిటికీలోంచి కళ్ళారా చూశానన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు మిగతావాళ్ళు.

ఆ మాట ఓనరు చెవిన పడింది. నేను ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేస్తాను, ఎవరితోనూ పెద్దగా మాట్లాడను. అందుకే కాబోలు, నన్నే పిలిచి కనిపెట్టమన్నాడు. నిజమని తేలితే పెద్దమ్మ మర్నాటి నుంచి రానక్కర్లేదట. మంచం పట్టిన చెల్లెలికీ ఆమెకీ ఆ జీతమే ఆధారం.

అదే రోజు కండక్టరు భార్య భర్త నూలు చొక్కా తెచ్చింది. జేబు కింద జిడ్డు మరక. ఇంట్లో ఉతికిందట, ఇస్త్రీ కూడా చేసిందట. మరక ముదిరిపోయింది. సాయంత్రం పెళ్ళికి కావాలంది.

పెద్దమ్మ చొక్కాను వెలుతురుకు పట్టి చూసి, పక్క గదిలోకి వెళ్ళి వీధి వైపు కిటికీ మూసింది. తలుపు సందులోంచి చూశాను. గూట్లోంచి వంటనూనె సీసా తీసి, మరక మీద రెండు చుక్కలు వేసి వేలితో రుద్దింది. దర్జీ అన్నది నిజమే అనుకున్నాను. అయినా అక్కడే నిలబడి చూస్తూ ఉన్నాను.

కాసేపు వదిలేసి, పాత గుడ్డతో అద్దింది. నీళ్ళు తగలనివ్వకుండా గిన్నెలు తోమే సబ్బుద్రవం వేసి, మెత్తటి బ్రష్‌తో రుద్ది, నానబెట్టి, వేడినీళ్ళతో జాడించింది. మరక మాయమైంది.

కండక్టరు భార్య వచ్చి కూర్చుంది. ఓనరు ఆ తడి చొక్కా నా బల్ల మీద వేశాడు. పెద్దమ్మ లాక్కుంది.

“ఇది ఇప్పుడే ఇస్త్రీ చేయకూడదయ్యా.”

“ఏం దాస్తున్నావు?”

“తడి మీద ఏ మరకా కనపడదు. ఆరాకే దాని బుద్ధి బయటపడుతుంది. మరక ఉండగా ఇస్త్రీ వేడి తగిలిందో, ఇక ఓ పట్టాన వదలదు.”

ఫ్యాను కింద ఆరేశాం. జేబు కింద లేత నీడ తేలింది. ఓనరు నావైపు చూశాడు. చూసింది చెప్పేశాను.

“నూనె పూసిందండీ. కానీ మరక ఉన్నంత మేరే.”

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “కాపలా పెట్టారా అమ్మాయీ నిన్ను? సరే, చూడు. ఎండిన జిడ్డు నీళ్ళ మాట వినదు. కొత్త నూనె తగిలితే మెత్తబడి కదులుతుంది. అప్పుడు రెంటినీ సబ్బు లాక్కుపోతుంది.”

“మరి కిటికీ ఎందుకు మూశావు?” అన్నాడు ఓనరు.

“తెరిచి ఉంచినందుకేగా ఇంత మాట వచ్చింది.”

ఆయన ఎదుటే మళ్ళీ నూనె, సబ్బు, వేడినీళ్ళు. ఈసారి ఆరాక నీడ లేదు. అప్పుడు నేను ఇస్త్రీ చేశాను. పెద్దమ్మ మర్నాడూ పనికి వచ్చింది.

దర్జీ అబద్ధం చెప్పలేదు. ఆయన కిటికీలోంచి నూనె సీసా కనిపిస్తుంది. బట్ట మీద ముందే ఉన్న మరక కనిపించదు.