ముగ్గురు అసిస్టెంట్ మేనేజర్లు

మూతపడిన ఒక పత్తి మిల్లుకు నేను అసిస్టెంట్ మేనేజరుగా పనిచేశాను. పెళ్ళి విందుల్లో, బస్సు ప్రయాణాల్లో ఈ మాట ఇప్పటికీ అంటూ ఉంటాను. వినేవాళ్ళు కాస్త జరిగి చోటిస్తారు. నిజం చెప్పాలంటే, మిల్లు నడిచినన్నాళ్ళూ అందులో నేను తూకం గుమాస్తాని. అసిస్టెంట్ మేనేజరునయింది మిల్లు మూతపడ్డాక. ఆ ఉద్యోగం సరిగ్గా పదకొండు రోజులు చేశాను.

ఎనభైల మధ్యలో సంగతి. వినుకొండ రోడ్డు మీద ఉండేది మా జిన్నింగు మిల్లు. పత్తిలోంచి గింజ తీసేసి, దూదిని ప్రెస్సులో నొక్కి, బేళ్ళు కట్టి స్పిన్నింగు మిల్లులకు పంపేవాళ్ళం. ప్రతి బేలునూ కాటా మీదికెక్కించి, దాని నంబరూ బరువూ లిస్టులో రాసి, అడుగున సంతకం పెట్టడం నా పని. తొమ్మిదేళ్ళు అదే పని చేశాను. మూసిన రోజు గేటు దగ్గర రెండు లారీల పోలీసులు దిగారని చాలామందికి చెప్పాను. దిగింది బ్యాంకు నుంచి ఇద్దరు మనుషులు. వాళ్ళ దగ్గర ఒక తాళం, కొంచెం లక్క, ఒక కాగితం ఉన్నాయి. కాగితం గేటుకు అంటించి, తాళానికి సీలు వేసి, కొట్లో సోడా తాగి వెళ్ళిపోయారు. హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు, మా సర్వీసు పుస్తకాలు, అన్నీ లోపలే ఉండిపోయాయి. యజమాని మద్రాసులో ఉన్నాడని కొందరు, లేడని కొందరు.

మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాను. మా ఆవిడ తమ్ముడు వినుకొండ నుంచి వచ్చి, "ఖాళీగా ఎందుకు బావా, మా కొట్టుకొచ్చెయ్యి. మిరపకాయలు తూద్దువుగాని. కాటా అలవాటేగా నీకు!" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. పెళ్ళిలో నా కాళ్ళు కడిగినవాడి కొట్లో, వాడు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే నేను కాటా దగ్గర నిలబడటం తలుచుకుంటేనే నాకు గొంతులో మిరపకాయ పడినట్టయింది. ఆషాఢం దాటేలోగా ఏదైనా ఉద్యోగం దొరక్కపోతే వస్తానని మాటిచ్చాను. ఆషాఢం దాటడానికి ఇంకో నెల ఉంది.

అప్పుడే పేపర్లో ప్రకటన పడింది. చిలకలూరిపేట రోడ్డులో ఒక స్పిన్నింగు మిల్లు. పత్తి గోడౌన్‌కు సిబ్బంది కావాలి, జిన్నింగు మిల్లులో అనుభవం ఉండాలి, సర్వీసు సర్టిఫికెట్ జతచేయాలి.

మా మిల్లులో మేనేజరుగా చేసినాయన అప్పటికి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో చేరాడు. తుమ్ముకుంటూ వెళ్ళి ఆయన్ని పట్టుకున్నాను. సర్టిఫికెట్ కావాలనగానే సంచిలోంచి మా మిల్లు లెటర్‌హెడ్లు తీశాడు. సీలు వేసే ముందురోజు ఓ బొత్తి ఇంటికి తెచ్చుకున్నాడట, పిల్లల లెక్కలకు పనికొస్తాయని.

"హోదా ఏం రాయమంటావయ్యా?"

"మీ ఇష్టమండి."

"అసిస్టెంట్ మేనేజరని రాస్తాలే. పిల్లలుగలోడివి."

"మన మిల్లులో అసలు అసిస్టెంట్ మేనేజరే లేడు కదండీ?"

"లేడు కాబట్టే, ఆ ఉద్యోగం నాది అని అడ్డొచ్చేవాడు లేడు. పోయిన కంపెనీలో పదవులకు కూడా కరువా?"

వద్దండీ, ఉన్నదే రాయండి అన్నానని ఇక్కడ రాయాలని ఉంది. అనలేదు. దాని ముందు 'సీనియర్' అని కూడా చేర్చమన్నాను. ఆయన చేర్చలేదు, ఆయనకూ కొన్ని నియమాలున్నాయి.

దరఖాస్తు చేత్తో ఇచ్చి వస్తే మూడో రోజుకే పిలుపొచ్చింది. స్పిన్నింగు మిల్లులో ఉద్యోగుల సంగతి చూసే పర్సనెల్ ఆఫీసరు నా ఈడువాడే. తండ్రి మిషన్ బడిలో హెడ్మాస్టరట, పేపర్లు దిద్దే చూపు ఆయనకు అక్కణ్ణించే వచ్చినట్టుంది. నా సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పాత కంపెనీ ఎందుకు మానేశారు?"

"నేను మానలేదండి. కంపెనీయే మానేసింది."

ఆయన నవ్వలేదు. "పనిలోంచి తీసేసిన ప్రతివాడూ కంపెనీ మూసేశారనే చెప్తాడండి. మూసేశారని నాకెలా తెలుస్తుంది?"

నేను గొంతు సవరించుకుని హైకోర్టు, లిక్విడేటరు, కార్మిక సంఘాలు, మంత్రిగారి జోక్యం అంటూ అందుకున్నాను. ఆయన కలం మూత పెట్టేశాడు. నా ఉపన్యాసం ఎవరైనా కలం మూత పెట్టేదాకానే సాగుతుంది. అందుకని తెలిసిన సంగతి చెప్పాను.

"మీ లెటర్‌హెడ్ మీదే మా మిల్లుకు ఒక ఉత్తరం రాయండి సార్. ఫలానావాడు మీ దగ్గర పనిచేశాడా అని అడగండి. రిజిస్టరు పోస్టులో పంపండి. మా ఊరి పోస్టుమాన్ తాళం చూసి, కవరు మీద రాసి, తిప్పి పంపుతాడు. ఆయన రాసింది నా మాట కన్నా గట్టిది."

ఆయన మొదటిసారి నా ముఖం వంక చూశాడు. "అది మూసినట్టు తెలుస్తుంది. మీరు అక్కడ పనిచేసినట్టు?"

జేబులోంచి ప్రావిడెంట్ ఫండ్ స్లిప్పులు తీసి బల్ల మీద పరిచాను. ఏటా ఆఫీసు నుంచి వచ్చేవి, ఆలస్యంగానైనా. వాటిలో నా పేరు, ఖాతా నంబరు, మిల్లు కోడ్ నంబరు ఉంటాయి. ఆయన నంబర్లన్నీ రాసుకున్నాడు, ఫండ్ ఆఫీసుకు రాసి సరిచూస్తానన్నాడు.

"వీటిలో హోదా ఉండదు," అన్నాడు మళ్ళీ.

"ఉండదండి," అన్నాను. కొంచెం హాయిగానే అన్నాను.

వారం దాటాక మళ్ళీ రమ్మన్నారు. వెళ్ళేసరికి బల్ల మీద వెనక్కొచ్చిన కవరుంది. 'ఫ్యాక్టరీ మూసి ఉన్నది. తీసుకొనువారు లేరు' అని పోస్టుమాన్ దస్తూరీ, కింద తేదీ ముద్ర. ఫండ్ ఆఫీసు జవాబూ వచ్చింది, తొమ్మిదేళ్ళూ నిజమేనని. నాకు ఒళ్ళు పొంగింది. కూర్చోమనకముందే కూర్చున్నాను.

"మీ మిల్లు మూసేశారు, ఒప్పుకున్నాను. మీరు అక్కడ పనిచేశారు, అదీ ఒప్పుకున్నాను," అన్నాడు ఆఫీసరు. "ఇప్పుడు ఇవి చూడండి."

మూడు కాగితాలు వరసగా పెట్టాడు. ఒకే లెటర్‌హెడ్, ఒకే వాక్యాలు, ఒకే సంతకం. ఒకటి నాది. రెండోది ప్రెస్సు ఫిట్టరుది. మూడోది గేటు వాచ్‌మన్‌ది. ముగ్గురం అసిస్టెంట్ మేనేజర్లం. ముగ్గురం 'కష్టపడి పనిచేయు స్వభావము గలవారు'.

"బ్యాంకు మార్చిలో సీలు వేసిందన్నారు. ఈ మూడూ జూన్‌లో రాసినవి. మూసిన కంపెనీ జూన్‌లో సర్టిఫికెట్లిస్తుందా? సరే, అదీ పక్కన పెడదాం. మీ మిల్లులో అందరూ అసిస్టెంట్ మేనేజర్లేనా? మరి పత్తి ఎవరు తూచారండీ?"

"నేనేనండి," అన్నాను.

అంత చిన్న మాట నా నోట రావడం అరుదు. అన్నాక బావమరిది కొట్టు కళ్ళ ముందు కనిపించింది, గల్లాపెట్టెతో సహా.

ఆఫీసరు మూడు కాగితాలనూ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. "మొన్న అసిస్టెంట్ మేనేజరన్నారు. ఇవాళ తూకం గుమాస్తానంటున్నారు. నాకిక్కడ తూకం మనిషి కావాలని గేటు దగ్గర ఎవరో చెప్పుంటారు. దీనికి మాత్రం రుజువేంటి?"

ఇదీ నా గతి. అబద్ధానికి సర్టిఫికెట్ దొరికింది, నిజానికి దొరకలేదు. మిల్లులోని కాగితాలు లక్క వెనకాల ఉన్నాయి. మేనేజరు ఇంకో సర్టిఫికెట్ రాస్తే ఇక్కడ దాన్ని ముట్టుకునే వాడు లేడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. తలుపు దాకా వెళ్ళానని కూడా చెప్పేవాణ్ణి గానీ, కుర్చీలోంచి కదల్లేదు. అక్కడ కూర్చునే గుర్తు తెచ్చుకున్నాను.

"సార్, మీ మిల్లు మా దగ్గర బేళ్ళు కొనేది. ప్రతి లారీతో పాటు బేలువారీ తూకం లిస్టు వచ్చేది. అది మీ గోడౌన్ ఫైల్లోనే ఉంటుంది. అడుగున నా సంతకం ఉంటుంది."

గోడౌన్ పెద్దాయన్ని పిలిపించారు. బనీను మీద దూది, చంకలో మూడు ఫైళ్ళు. దుమ్ము దులిపి తెరిచాడు. పాత కార్బన్ కాగితాలు, నీలిరంగు వెలిసిపోయిన అంకెలు, ప్రతి లిస్టు అడుగునా 'తూచినవారు' అన్నచోట తెలుగులో చిన్న సంతకం. ఆఫీసరు దాన్ని నా దరఖాస్తు పక్కన పెట్టి చూశాడు. రెండూ కలవలేదు.

ఎలా కలుస్తాయి? అసిస్టెంట్ మేనేజరు తెలుగులో పొడి సంతకం పెడితే ఏం బాగుంటుందని, దరఖాస్తు కోసం ఇంగ్లీషులో మెలికలూ గీతలతో ఒక కొత్త సంతకం తయారు చేశాను. మా అబ్బాయి నోటుబుక్కు నాలుగు పేజీలు దాని సాధనకే పోయాయి. అదంతా ఆయనకు చెప్పుకోవలసి వచ్చింది. చెబుతుంటే చెవులు కాలాయి.

ఆయన తెల్లకాగితం నా ముందుకు తోశాడు. "లారీ నిలబడి ఉంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. పెట్టండి సంతకం. పదిసార్లు."

పెట్టాను. చెయ్యి దానంతటదే నడిచింది. గోడౌన్ పెద్దాయన వంగి చూసి, "ఈయనేనండీ! ఈయన తూచి పంపిన బేళ్ళు మా కాటా మీద మళ్ళీ తూస్తే తేడా వచ్చింది," అన్నాడు.

"ఎప్పుడూ రాలేదు!" అన్నాను.

"రెండుసార్లొచ్చింది."

"రెండుసార్లే కదండీ," అన్నాను. ఒక దాంట్లో రెండు కిలోలు, ఇంకోదాంట్లో కిలో. అది వానాకాలమనీ పత్తి తేమ పీల్చిందనీ వాదించాను. ఆ వాదనలోకి దిగాక ఆఫీసరుకు నేనెవరో రూఢి అయిపోయినట్టుంది. అసిస్టెంట్ మేనేజర్లు కిలో పత్తి కోసం అంత గొంతు చించుకోరు.

కొత్త దరఖాస్తు అక్కడే రాయించాడు. హోదా: తూకం గుమాస్తా. మానేసిన కారణం: మిల్లు మూత. పాత సర్టిఫికెట్‌ను చింపలేదు. దాని మీద 'పరిగణించలేదు' అని ఎర్ర సిరాతో రాసి ఫైల్లోనే ఉంచాడు. తర్వాత మిగతా రెండు కాగితాలు చూపించి, "వీళ్ళు నిజంగా ఏం చేసేవాళ్ళు?" అని అడిగాడు.

ఎదుటివాళ్ళ బండారం బయటపెట్టడమా అని గంటసేపు మథనపడ్డానని చెప్పుకోవచ్చు. వెంటనే చెప్పేశాను. ఫిట్టరు చెయ్యి పెడితే ఎంత మొండి ప్రెస్సయినా లొంగుతుందనీ, వాచ్‌మన్ రాత్రిళ్ళు కునుకు తీసినా కుక్కలతో కాపలా కాయించేవాడనీ చెప్పాను.

ఫిట్టరును తీసుకున్నారు. నేను ఆషాఢంలోనే చేరాను, ఆరు నెలలు ప్రొబేషన్ మీద. వాచ్‌మన్‌కు అరవై దాటినట్టు చూస్తేనే తెలుస్తోందని తీసుకోలేదు. ఆయన వయసు సర్టిఫికెట్‌లో నలభై అయిదని ఉంది, అసలు వయసు మాత్రం నేను చెప్పలేదు. మూసిన మిల్లు గేటు దగ్గరే ఇంకో రెండేళ్ళు కూర్చున్నాడాయన, ఎవరూ కూర్చోమనకపోయినా.

చేరిన మొదటిరోజు ఫిట్టరు నా దగ్గరకు వస్తుంటే కృతజ్ఞత చెప్పుకోవడానికేమో అనుకుని, వద్దనడానికి చెయ్యి కూడా ఎత్తి పెట్టుకున్నాను.

"ఒరేయ్, నేను ఫిట్టరునని చెప్పడానికి నీకేం పోయేకాలం వచ్చిందిరా!" అన్నాడు. "దర్శిలో మా మామగారికి ఇక్కడ అసిస్టెంట్ మేనేజరునయ్యానని ముందే కార్డు రాశాను. ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. ఎల్లుండి నా ఆఫీసు చూడ్డానికి బయల్దేరి వస్తున్నాడు. ఇప్పుడు ఏ గదిలో కూర్చోబెట్టి చూపించమంటావు?"