వినుత పట్టిన గుత్త

చింతామణి నుంచి బాగేపల్లి దాకా ఉన్న సెల్ టవర్లన్నీ మా వినుతకు భయపడతాయి. సాయంత్రం ఆరు దాటితే సిగ్నల్ ఆమె ఇంటి గడప దగ్గరే ఆగి, చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అని అడుగుతుంది. ఒకసారి బాగేపల్లి నూనె అంగడి లక్ష్మణప్ప ఆరున్నరకు చేసిన ఫోను సగం దారిలోని చేళూరు దాకా వచ్చి, టైము చూసుకుని, బస్సెక్కి వెనక్కి వెళ్ళిపోయింది. నేను కళ్ళారా చూశాను. నమ్మనివాళ్ళు చేళూరు బస్టాండులో అడగండి.

వినుత చింతామణిలో మా వీధి పిల్ల. బెంగళూరులో ఒక కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసి, అది వదిలి ఇంటికొచ్చి, మేడ మీది గదిలో సొంతంగా పని పెట్టుకుంది. చిన్న అంగళ్ళవాళ్ళ సరుకుకు ఫోటోలు తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం, వాట్సాప్‌లో కేటలాగు కట్టడం, గూగుల్‌లో అంగడి పేరు, టైము సరిగ్గా కనిపించేట్టు చేయడం ఆమె పని. నేను కారు తోలుతాను. పీయూసీ రెండో ఏడులో చదువు నన్ను తట్టుకోలేక పారిపోయింది కాబట్టి నాకు ఇలాంటి పనులు గొప్పగానే కనిపిస్తాయి. ఫోటోలకు ఊళ్ళు తిరగాల్సి వస్తే ఆమె నా కారే పిలుస్తుంది.

అప్పటికి ఆమెకు రెండే అంగళ్ళు. చిక్కబళ్ళాపురంలో ఒక చీరల షాపు, నంది దగ్గర ఒక హోమ్‌స్టే. ఆ రెంటితో మేడ మీది గది నిలబడదు. మూడోది కావాలి. అదే సమయంలో పాత కంపెనీవాళ్ళు మళ్ళీ రమ్మని పిలిచారు, శుక్రవారం లోపల చెప్పమన్నారు. మూడో అంగడి దొరికితే చింతామణి, లేకపోతే బెంగళూరు. దీన్ని ఆమె నాకు చెప్పింది కూడా ట్రాఫిక్ కబురు చెప్పినట్టే చెప్పింది.

ఆ మూడోది లక్ష్మణప్పది. బాగేపల్లిలో చెక్క గానుగ మీద వేరుశనగ నూనె తీసి అమ్ముతాడు. చింతపండు వ్యాపారం కూడా ఉంది. మంచి మనిషి. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కు. పని చేస్తానని వినుత ఫోనులో అన్న వెంటనే ఆయన ఆమెను తన ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో చేర్చేశాడు. వాళ్ళ ఇంట్లో అది మర్యాద. గానుగ బాగుచేసే మేస్త్రీ, లెక్కలు చూసే ఆయన, అందరూ ఆ గ్రూపులో ఉన్నారు. పని పట్టినవాడు ఇంటి మనిషి. ఇంటి మనిషికి ఇంట్లో ఎవరైనా పని చెప్పవచ్చు.

చెప్పారు. ఒక పెద్దమ్మ మనవడి నామకరణానికి కార్డు అడిగింది. వినుత చేసి పెట్టింది. కొత్త పరిచయం, ఎలా కాదంటుంది? అక్కడే తప్పు చేసింది. మరునాడు మూడు కార్డులు వచ్చి నిలబడ్డాయి. ఒకరికి హోమం ఆహ్వానం, ఒకరికి కాలేజీ పిల్లవాడి ప్రాజెక్టుకు ముఖపత్రం. ఇంకొకరికి ట్రాక్టరు అమ్మకం. ఆ ట్రాక్టరు ఫోటో నేను చూశాను, అది మా తాత కంటే పెద్దది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మంజునాథ చేశాడు. ఆయన లక్ష్మణప్ప తమ్ముడి కొడుకు, అంగట్లో అప్పుడప్పుడూ కూర్చుంటాడు. బెంగళూరుకు ఇంటి దాకా ఉచితంగా నూనె పంపుతామని పోస్టు పెట్టమని వినుతకు గ్రూపులో రాశాడు. ఎవరూ కాదనలేదు. వినుత పెట్టేసింది. పొద్దున్నే అంగడి ఫోను మోగడం మొదలైంది. బెంగళూరుకు పంపడానికి వాళ్ళకు బండీ లేదు, మనిషీ లేడు. లక్ష్మణప్ప కోడలు శశికళ అందరికీ ఒక్కొక్కరికి ఫోను చేసి క్షమించమని చెప్పుకుంది.

లక్ష్మణప్ప వినుతను రమ్మన్నాడు. అది బుధవారం. కారులో ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఒకే ఒక పేజీని మళ్ళీ మళ్ళీ సరిచేస్తూ ఉంది.

"ఏంది వినుతా, పరీక్షకు చదువుతాండావా?" అన్నాను.

"మొదటి రోజే ఇయ్యాల్సిన కాయితమన్నా ఇది. ఇయ్యకుండానే పనిలోకి దిగినాను."

అంగట్లో గానుగ తిరుగుతోంది. వాసనకే ఆకలేసింది. లక్ష్మణప్ప కుర్చీలు వేయించి, కాఫీ తెప్పించి, అప్పుడు మొదలుపెట్టాడు.

"వినుతమ్మా, నీ మీద కోపం లేదు. నువ్వు యాడో కూర్చోని చేస్తాండావు, మేము యాడో ఉండాము. అందుకే ఇట్లయింది. రేపట్నుంచి పొద్దున వచ్చి ఈ కుర్చీలో కూర్చో. మధ్యాన్నం మా ఇంట్లోనే తిను. సాయంత్రం పోదువు. అట్లయితేనే పని."

మర్యాదగానే చెప్పాడు. కానీ ఆ కుర్చీలో కూర్చుంటే చీరల షాపు, హోమ్‌స్టే రెండూ పోతాయి. కూర్చోనంటే ఇది పోతుంది. ఏదైనా శుక్రవారం బెంగళూరే.

"నేను రోజూ రాలేనప్పా. ఇంకో ఇద్దరి పని నా దగ్గర ఉండాది," అంది వినుత. "మొన్న తప్పయింది నేను ఈడ లేనందుకు కాదు. ఎవరి మాట వినాల్నో మనం మొదలే అనుకోలేదు. అడగకుండా పోస్టు పెట్టడం నా తప్పే. ఇది చూడండి."

ఆ పేజీ ప్రింటు తీసిన కాగితం ఆయన ముందు పెట్టింది. తెలుగులోనే రాసింది. చేసేవి పైన: వారానికి మూడు పోస్టులు, నెలకొకసారి కేటలాగు, గూగుల్ పేజీ, గానుగ ఆడే రోజు ఒకసారి వచ్చి ఫోటోలు. చేయనివి కింద: కొనేవాళ్ళ మెసేజీలకు జవాబులు, పార్సెలు, ఇంటి శుభకార్యాల కార్డులు. ఒక పోస్టును రెండుసార్ల వరకు మారుస్తాను. సరేనని చెప్పేది ఒక్కరే. ఆ పేరు దగ్గర ఖాళీ వదిలింది.

లక్ష్మణప్ప చేయనివి మాత్రం చదివాడు. "ఇదేందమ్మా, చెయ్యను చెయ్యను అని రాసుకోనొచ్చినావు. పనికొచ్చినోళ్ళు యాడన్నా ఇట్ల రాస్తారా?"

మంజునాథ అక్కడే ఉన్నాడు. "పెద్దనాయనా, బెంగళూరు రూల్సు ఇవి," అన్నాడు.

"బెంగళూరుకు ఉచితంగా నూనె పంపేటోడివి నువ్వే కదప్పా, రూల్సు నీకు తెలిసే ఉంటాయి," అంది శశికళ. అంతవరకు ఆమె నూనె సీసాలకు మూతలు బిగిస్తూ ఉంది. మంజునాథ కాఫీ లోటాలోకి చూశాడు.

శశికళ చేతులు తుడుచుకుని మామగారి వైపు తిరిగింది. "మామా, కెంచార్లహళ్ళిలో చింతచెట్లు గుత్త పట్టినాము కదా. చెట్టు కింద గడ్డి మనదేనా?"

"గడ్డి యెట్ల మనదవుతుంది? కాయకే గుత్త."

"ఎండు కొమ్మలు?"

"రైతువి."

"ఆ రైతు తమ్ముడొచ్చి, పైకొమ్మ ఇప్పుడే దులుపు అంటే మన ఆళ్ళు దులుపుతారా?"

"గుత్త ఇచ్చినోడు చెప్పాల. తమ్ముడు చెప్తే..." అని ఆయన ఆగాడు. కోడలి వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. "ఓహో. అట్ల చెప్తావా."

"ఈ యమ్మ కూడా గుత్తకే వచ్చింది మామా. మనం కూలికి పిలిచినట్ల మాట్లాడ్తాండాము."

ఇక్కడ కథ అయిపోయిందనుకుంటే మీకు లక్ష్మణప్ప తెలియడు. గుత్త అయితే ఒప్పుకుంటాను, కానీ గుత్త పట్టినవాడు చెట్టెక్కాడో లేదో నేను చూడాలి కదా అన్నాడు. అది న్యాయమే. వినుత ప్రతి సోమవారం పదకొండుకు మెయిల్లో రిపోర్టు పంపుతానని రాసుకుంది.

"మెయిలు నేను చూడను."

"వాట్సాప్‌లో పంపుతా."

"అద్దాలు పెట్టుకోని అంత సదవాల. నువ్వే ఫోను చెయ్యి. పోయిన వారం ఏం చేసినావు, ఎంతమంది అడిగినారు, ఈ వారం ఏం చేస్తావు, నా నుంచి ఏం కావాల. నోటితో చెప్పు."

వినుత కాగితం తన వైపు తిప్పుకుంది. రాతలో లేకపోతే రేపు మాట తేడా వస్తుంది. "సరేప్పా. సోమవారం ఫోను చేస్తా. ఆ మాటలే శశికళక్కకు రాసి పంపుతా. నెలకొకసారి, గానుగ ఆడే రోజు, మీ కుర్చీలో కూర్చోని అన్నీ చూపిస్తా."

"భోజనం ఈడే."

"భోజనం ఈడే."

ఖాళీలో శశికళ పేరు రాశారు. తర్వాత ఆయన వేలు చివరి లైను మీదికి పోయింది. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారాల్లో ఫోను తీయను. నేను కాఫీ తాగడం ఆపాను. గానుగ కూడా ఆగిపోయింది. నిజానికి కరెంటు పోయింది, కానీ సమయానికి పోయింది.

"అంగడి రాత్రి దాకా తెరిచి ఉంటుంది కదమ్మా. ఏదన్నా అగ్గి అంటుకుంటే?"

"అగ్గి అంటుకుంటే నాకెందుకు చేస్తారప్పా?"

మంజునాథతో సహా అందరూ నవ్వారు. లక్ష్మణప్ప నవ్వలేదు. అప్పుడు వినుత కూడా నవ్వు ఆపి, అర్జంటు అంటే ఏమిటో కింద రాసింది. రేటు తప్పు పడడం, పేజీ వేరేవాళ్ళ చేతికి పోవడం, ఎవరైనా నూనె బాగాలేదని అందరికీ కనిపించేట్టు రాయడం. ఆ మూడింటికి శశికళ రెండుసార్లు వరసగా ఫోను చేస్తే ఎప్పుడైనా తీస్తుంది. మిగతావి పొద్దున. కార్డులు కావాలంటే వాటికి వేరే గుత్త.

"మా అక్క ఊరుకోదు," అన్నాడు లక్ష్మణప్ప. అది నామకరణం పెద్దమ్మ గురించి.

"ఆమెకు నేను చెప్తాలే మామా," అంది శశికళ.

ఆయన సహి చేశాడు. తరువాత ఫోను తీసి, గ్రూపులోంచి వినుతను తీసేయడం ఎలాగో తెలియక ఆ ఫోను వినుతకే ఇచ్చాడు. ఆమె తనను తానే తీసేసుకుంది. శశికళతో ఇద్దరే ఉండే కొత్తది ఒకటి పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున బెంగళూరుకు రానని రాసేసింది. ఆ సాయంత్రం ఆరు దాటాక మంజునాథ ఫోను చేశాడు, వాళ్ళ మామ షష్టిపూర్తికి బ్యానరు కావాలట. మా అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్న వినుత ఫోను వైపు చూసి, మళ్ళీ వలుచుకుంది. అది ఆగేదాకా మోగింది. మళ్ళీ మోగింది. నాకే చేతులు ఊరుకోలేదు. మరునాడు పొద్దున పదికి ఆమె ఒక్క లైను పంపింది, శశికళక్కను అడగమని. శశికళ ఏమందో మంజునాథ ఎవరికీ చెప్పలేదు. సోమవారం పదకొండుకు వినుత ఫోను చేసేసరికి లక్ష్మణప్ప అద్దాలు పెట్టుకుని, కాఫీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడట. ఇప్పుడు ఆ సమయానికి బాగేపల్లిలో ఎవరూ నూనె కొనడానికి వెళ్ళరు. వెళ్ళినా ఆయన అమ్మడు.

ఇదంతా రాసి వినుతకు చదివి వినిపించాను. వలిచిన తొక్కలు చేటలోకి ఎత్తుతూ విన్నది.

"టవర్ల మాట అబద్ధం. లక్ష్మణప్ప ఇప్పటికీ ఆదివారం ఫోను చేస్తాండాడు, నేను తియ్యను, అంతే. గుత్త మూడు నెలలకు రాసుకున్నాము, అది అయినాక మళ్ళా కూర్చోని మాట్లాడ్తాము."