మెషిన్ కోసం దాచిన కాయిన్లు

మా బావ జూదమాడి అన్నీ పోగొట్టుకున్నాడని చుట్టాలంతా అంటారు. అది అబద్ధం. ఆ సంగతి తెలిసీ చాలాకాలం నోరు మెదపలేదు నేను.

బావ అంటే మా అక్క భర్త. బోయిగూడలో పెళ్లిపత్రికల ప్రెస్సు నడిపేవాడు. కొత్త మెషిన్ కోసమని, చేతిలో మిగిలినప్పుడల్లా ఒక క్రిప్టో కాయిన్ కొంటూ వచ్చాడు. స్పాట్‌లోనే కొన్నాడు. అంటే డబ్బిచ్చి కాయిన్ తీసుకోవడమే. ధర సగానికి పడినా అన్ని కాయిన్లూ అలాగే ఉంటాయి. వాటిని బలవంతంగా అమ్మించేవాడెవడూ ఉండడు.

మెట్టుగూడలో నా మొబైల్ షాపు ఉండేది. దాని వెనక గదిలో కూర్చుని ట్రేడింగ్ చేసేవాణ్ని.

"ఇట్ల కొనుక్కుంట పోతే మెషిన్ ఎన్నడొస్తది బావా? పర్పెచువల్‌కు మార్చు. అదే కాయిన్, పదింతల లాభం" అన్నాను.

"గడువు గిట్ల ఉంటదా?"

"ఉండది. ఎన్నాళ్లయినా పెట్టుకో."

"అయితే బంగారం లెక్కనే అన్నట్టు."

అవునన్నాను.

కాదు. అది గడువు లేని కాంట్రాక్టు, అందులో కాయిన్ చేతికి రాదు, ధర మీద పందెం మాత్రమే. కాయిన్లు అమ్మించి, ఆ డబ్బును మార్జిన్‌గా, అంటే పూచీగా పెట్టించి, దానికి పదింతల పందెం, వాళ్ల భాషలో పొజిషన్, తీయించాను. ధర పదో వంతు పడితే మార్జిన్ మొత్తం పోతుంది. అంతదాకా రాకముందే ఈ పందేలు నడిపే ఎక్స్ఛేంజ్ తనంతట తానే పొజిషన్ మూసేస్తుంది.

పైగా అప్పుడు ఎక్కువమంది మొగ్గు పెరుగుతుందన్న పందెం వైపే. పర్పెచువల్ ధర స్పాట్ కంటే ఎక్కువగా ఉండేది. అలా ఉన్నన్నాళ్లూ పెరుగుతుందన్నవాళ్లు పడుతుందన్నవాళ్లకు ఎనిమిది గంటలకోసారి ఫండింగ్ అనే రుసుము కట్టాలి, అదీ మార్జిన్ మీద కాదు, మొత్తం పొజిషన్ మీద. బావ ఖాతాలో వేరే డబ్బు లేక అది మార్జిన్‌లోంచే పోయేది. మార్జిన్ తరిగినకొద్దీ, పొజిషన్ మూతపడే ధర పైకి జరిగి అసలు ధరకు దగ్గరవుతూ వచ్చింది.

"రేటు అట్లనే ఉంది. పైసలెందుకు తగ్గుతున్నయ్‌రా?" అని అడిగాడు.

"చిల్లర కటింగ్ బావా. పరేషాన్ గాకు."

ఒక మధ్యాహ్నం ధర జారింది. మరీ అంత పెద్ద పతనం కాదు. కానీ పైకి జరిగిన ఆ మూతపడే ధరను తాకింది, పొజిషన్ మూతపడి మార్జిన్ పోయింది. సాయంత్రానికి ధర తిరిగి మొదటి చోటికే వచ్చింది.

బావ నా పక్కన కూర్చుని స్క్రీన్ చూశాడు. "వాపస్ వచ్చింది గదరా. మరి నావి?"

స్పాట్‌లో వదిలేసి ఉంటే అన్నీ ఉండేవని చెప్పలేదు. ఇంకొకటి కూడా చెప్పలేదు. అతను ఆ ఎక్స్ఛేంజ్‌లో చేరింది నేను పంపిన లింకు మీద. అతను అక్కడ కట్టే ఫీజులో నాకు వాటా వచ్చేది. ఫీజు మొత్తం పొజిషన్ మీదే లెక్క కాబట్టి, అతని పందెం పెద్దదైతే నా వాటా కూడా పెద్దదే.

కొత్త మెషిన్ కొనలేక బావ ప్రెస్సు మూసేసి, ఇప్పుడు బొల్లారంలో ఇంకొకరి మెషిన్ నడుపుతున్నాడు. మొన్న ఒక గృహప్రవేశంలో భోజనాల దగ్గర మా బాబాయి, "ఏమయ్యా అల్లుడా, పెళ్లికార్డులు బందు వెట్టి పేకముక్కలు అచ్చేస్తున్నవా?" అన్నాడు. పంక్తి అంతా నవ్వింది. బావ తల ఎత్తలేదు.

అప్పుడు అందరి ముందూ చెప్పాను, నా వాటాతో సహా.

అక్క పప్పు గిన్నె పట్టుకుని నిలబడి విన్నది. "అప్పుడే చెప్తే ఆయనను నేను గన్ని మాటలు అనేదాన్నారా?"

తర్వాత నా విస్తరి దాటి వెళ్లి, బావకు వడ్డించింది.