పీర్ల పండుగ ఏ మతం కింద రాయాలి?

నిరుడు పెన్‌పహాడ్ దగ్గర బడిలో మూడో తరగతి చెబుతూ తల్లిదండ్రులకు ఉత్తరం పంపాను. "హిందువుల బతుకమ్మ, ముస్లింల రంజాన్, క్రైస్తవుల క్రిస్మస్: ఏ పండుగ గురించైనా ఆ ఇంటి పిల్లలే క్లాసులో చెబుతారు. పూజ, నమాజు, ప్రార్థన చేయించం. వినడం ఇష్టం లేనివాళ్లు పక్కన బొమ్మలు వేసుకోవచ్చు."

తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో నా మీద తిట్లు మొదలయ్యాయి.

మర్నాడు బడి వదిలాక, నా క్లాసులోని మల్లేశ్ తండ్రి గొర్రెలు కాసే కర్రతో, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. వరండాలో ఒక్కదాన్నే ఉన్నాను. అతని చేతిలో నా ఉత్తరం నలిగి ఉంది.

"గిది రాసింది మీరేనా?"

తలూపాను.

"మా పీర్ల పండుగేది మేడం? మేం మా కులదేవుడు బీరప్పకు మొక్కేటోళ్లమే గానీ, తాతల కాడినుంచి మొహర్రంకు పీరు ఎత్తేది మేమే. మావోడేం చెప్పాలె?"

గొడవకు రాలేదని అప్పటికి అర్థమైంది.

ఉత్తరం మళ్లీ రాశాను. మతాల పేర్లు తీసేశాను. పీర్ల పండుగ పక్కన 'మల్లేశ్ చెబుతాడు' అని మాత్రం రాశాను.