చీపురుకు చైనా చిరునామా

మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అక్కను వంగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె వింటేగా! పనిమనిషి ఊడ్చి అటు పోగానే, ఇటు తలుపు వేసుకుని మళ్లీ ఊడ్చేది. తాండూర్‌లో వాళ్లది నాపరాళ్ల వ్యాపారం, ఇంటి వెనకే పాలిషింగ్ షెడ్డు. ఆ దుమ్ముకు అంతుండదు.

రాళ్లు కోసే మిషన్లు చూడటానికి చైనా వెళ్లిన బావ అక్కడి నుంచి ఊడ్చే రోబో తెచ్చాడు. దాన్ని నడిపే యాప్ నిండా చైనా అక్షరాలే. మూడు రోజులు కుస్తీ పట్టినా అది ఫోన్‌కు కలవలేదు. అక్క చీపురు పట్టింది, మోకాలు మళ్లీ వాచింది. ఆ సంగతి తెలిసి నాకు ఒళ్లు మండింది. వికారాబాద్‌లో రైలెక్కి వెళ్లాను.

నా ఫోన్ కెమెరాతో బావ ఫోన్‌లోని అక్షరాలను అనువాదం చేసుకుంటూ ఒక్కో మెనూ చదివాను. వైఫై సరిగ్గానే ఉంది. చివర్లో మాత్రం ఎర్రగా ఒక వాక్యం వచ్చేది: ఎంచుకున్న ప్రాంతంలో ఈ పరికరం పనిచేయదు. ఖాతా తెరిచినప్పుడు సర్వర్ ప్రాంతం ఏం పెట్టారని అడిగాను. ఇండియా అట.

అది చైనాలో అమ్మకానికి చేసిన యంత్రమనీ, చైనా సర్వర్‌తో తప్ప మాట్లాడదనీ చెప్పాను. బావ ఒప్పుకోలేదు. ఏ కాగితం మీదా చిరునామాలో పిన్‌కోడ్ అంకె కూడా తప్పు వేయని మనిషి ఆయన.

"ఇల్లు తాండూర్ల ఉంటే చైనా అని ఎట్ల పెడ్త? అబద్ధం గాదా?"

"అది మీ ఇంటి అడ్రస్ గాదు బావా, మిషన్‌ది."

సర్వర్ ప్రాంతమని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు. అక్క వాచిన మోకాలు చూపించాక గాని ఫోన్ నా చేతికివ్వలేదు. లాగవుట్ అయ్యి, లాగిన్ పేజీలోనే ప్రాంతాన్ని చైనా ప్రధాన భూభాగంగా మార్చి, ఈమెయిల్‌తో కొత్తగా ఖాతా తెరిచాను. రోబో మీది రెండు బటన్లూ నొక్కిపట్టి రీసెట్ చేస్తే అది చైనా భాషలో ఏదో పలికింది. ఈసారి కలిసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటికి పొద్దు గూకింది, అక్క దీపం పెట్టేసింది. దీపం పెట్టాక ఆ ఇంట్లో ఊడవరు, లక్ష్మి వెళ్లిపోతుందని. బావ రేపు చూద్దామన్నాడు. రేపు పొద్దున రోబో కంటే ముందు అక్క లేస్తుందని నాకు తెలుసు. దిగులుగా ఆమె వైపు చూశాను.

అక్క కుర్చీలోంచి కదలకుండానే అంది: "నడిపియ్. దాని ఊరు చైనా అని మీ బావనే ఒప్పుకున్నడు. లక్ష్మికి గూడ గదే చెప్త."

రోబో కదిలింది. చీపురు నేనే తీసి అటక మీద పడేశాను.